లైకులు నాలుగొందలు, టికెట్లు పదహారు: నాటకం పోస్టులో లోపం ఎక్కడుంది?

నాటకం పోస్టు పెట్టగానే ఫోన్ మోగుతూ ఉంటే సంబరపడకండి. ఎవరేం అడుగుతున్నారో కాగితం మీద రాసుకోండి. ఒకే ప్రశ్న మూడోసారి వచ్చిందంటే తప్పు పోస్టుదే.

సమస్య: "టికెట్లు ఎక్కడండీ?"

వివరాలన్నీ పోస్టులో రాశాం కదా అని మొదట్లో విసుక్కున్నాను. చివరికి ఒకాయన్ని, "మీకు వచ్చింది నాకోసారి పంపండి" అన్నాను. ఒట్టి బొమ్మే వచ్చింది. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టుకున్నారు, అక్కడి నుంచి అదే తిరుగుతోంది. కింద రాసిన చిరునామా, ధర, నంబరు అన్నీ దారిలోనే రాలిపోయాయి.

పరిష్కారం: తేదీ, టైము, హాలు, ధర, ఫోన్ నంబరు బొమ్మ మీద కూడా ఉండాలి. నటీనటుల ఫొటోలు కాస్త చిన్నవి చేస్తే చోటు అదే దొరుకుతుంది (అలుగుతారు, తప్పదు). నంబరు నొక్కి ఫోన్ చేయాలంటే అక్షరాల్లో కావాలి కాబట్టి బొమ్మ కిందా రాయండి.

సమస్య: షో అయిపోయాక జనం రావడం

"ఈ శనివారం" అని రాశాం. మా షో అయిన మరుసటి శనివారం ఒక పెద్దాయన మనవరాలితో రవీంద్రభారతికి వెళ్లి, గేటు దగ్గర నుంచి ఫోన్ చేశారు. ఆయన చూసిన పోస్టులో "ఈ శనివారం" అనే ఉంది మరి. తేదీ, వారం, సంవత్సరం మూడూ రాయండి. అదే ఆవరణలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ కూడా ఉంది కాబట్టి ఏ హాలో కూడా చెప్పండి.

సమస్య: సగం మంది ఏడింటికి రావడం

ఇది వాళ్ల బద్ధకం కాదు, మన అలవాటు. తెలుగు నాటకమంటే ముందు సభ, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు ఉంటాయని ప్రేక్షకుడికి అనుభవం. 6:30 అని చూస్తే తెర లేచేది ఏడున్నరకని లెక్కేసుకుంటాడు. సభ లేకపోతే లేదని రాయాలి. ముగిసే టైము కూడా ఇస్తే మెట్రోలో ఇంటికి వెళ్లేవాళ్లకి టెన్షన్ ఉండదు.

సమస్య: "రెండు పాసులు పంపిస్తారా?"

చాలాచోట్ల నాటకాలు ఉచితంగానే వేస్తారు, అందుకే అడుగుతారు. ధర పెద్ద అక్షరాల్లో ఉంటే ఈ ఫోన్లు తగ్గుతాయి, పూర్తిగా మాత్రం ఆగవు.

ఇవన్నీ సర్దుకున్నాక మా పోస్టు ఇలా తయారైంది, నాటకం పేరు, ఫోన్ నంబరు మాత్రం ఇక్కడ తీసేశాను:

> 12 సెప్టెంబర్ 2026, శనివారం
> రవీంద్రభారతి, మెయిన్ హాలు, హైదరాబాద్
> గేటు 6:00కి. తెర 6:30కి. ముగింపు 8:00కి. సభ లేదు.
> టికెట్ ₹150, పాసులు లేవు.
> యూపీఐలో డబ్బు పంపేటప్పుడు నోట్‌లో మీ పేరు, ఎన్ని టికెట్లో రాయండి.

ఆ ఆఖరి వాక్యం లేనప్పుడు, ఎవరి ₹300 ఎవరివో తేల్చుకోలేక కౌంటర్ దగ్గర క్యూ మెట్ల దాకా పాకింది.