ఒకే లోగో రంగు నుంచి కార్డుకు, లెటర్‌హెడ్‌కు, రశీదు పుస్తకానికి సరిపోయే రంగులను తయారుచేసుకోవడం ఎలా?

ఒక చిన్న వ్యాపారం విజిటింగ్ కార్డును, లెటర్‌హెడ్‌ను, రశీదు పుస్తకాన్ని బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడండి. లోగో ఒకటే అయినా కార్డు మీద నిండు నీలం, లెటర్‌హెడ్ మీద వంకాయ రంగు, రశీదు మీద వెలిసిపోయిన నీలం కనిపిస్తాయి. యజమాని ప్రెస్సును తప్పుపడతారు, ప్రెస్సువారు ఫైలును తప్పుపడతారు. అసలు పొరపాటు ఆ ఇద్దరికన్నా ముందే, కంప్యూటర్ తెర మీద కనిపించిన రంగు సంఖ్యను అచ్చు రంగుగా భావించినప్పుడే జరిగిపోయి ఉంటుంది. అచ్చులో రంగు అంటే ఫలానా కాగితం మీద ఫలానా పాళ్లలో పడిన సిరాలు. కాగితం మారితే ఆ పాళ్లు కూడా మారాలి.

గుంటూరులాంటి ఊళ్లో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబ్ ఉందనుకుందాం. దాని లోగో నీలం, తెర మీద #1E4DB7. అచ్చు వేయాల్సినవి నాలుగు: మ్యాట్ ల్యామినేషన్ చేసిన 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు మీద విజిటింగ్ కార్డులు, మ్యాప్‌లిథో అనే పూత లేని 100 జీఎస్‌ఎం కాగితం మీద లెటర్‌హెడ్‌లు, అదే కాగితంతో కవర్లు, పలుచని మ్యాప్‌లిథో మీద ఒకే రంగులో రశీదు పుస్తకం. నీలాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. అచ్చులో తేలికగా చెడిపోయే రంగుల్లో ఇదొకటి.

కావలసినవి

సీఎంవైకే, అంటే అచ్చులో వాడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల పాళ్లలో రంగులు ఇవ్వగల కోరెల్‌డ్రా వంటి ఏదైనా సాఫ్ట్‌వేర్, పై రెండు కాగితాల మీద ఒక నమూనా వేసి ఇవ్వగల ఆఫ్‌సెట్ ప్రెస్సు, పగటి వెలుతురు వచ్చే కిటికీ ఉంటే చాలు. లోగో ఫైలును సీఎంవైకేలోకి మార్చి, కొత్త పేరుతో దాచుకోండి. ఒక రంగు ఇస్తే క్షణంలో ఐదు రంగులు చూపించే వెబ్‌సైట్ల జోలికి వెళ్లకండి. అవి తెర కోసం చేసినవి కనుక ఐదు రంగులూ తరచుగా ఒకే స్థాయిలో మెరుస్తుంటాయి. లెటర్‌హెడ్‌కు కావలసింది ఒక ప్రధాన రంగు, దానికి లొంగి ఉండే మరికొన్ని మాత్రమే.

ప్రధాన రంగును రెండు కాగితాల మీదా స్థిరపరచడం

మొత్తం పనిలో కష్టమైన మెట్టు ఇదొక్కటే. దీన్ని తొందరపడి దాటేస్తే తరువాత చేసేదంతా వృథా.

మన నీలాన్ని సాఫ్ట్‌వేర్ తనంతట తానుగా సీఎంవైకేలోకి మార్చినప్పుడు, ఎంచుకున్న ప్రొఫైల్‌ను బట్టి దాదాపు C90 M77 Y0 K0 దగ్గర వస్తుంది. తెర మీద అది చక్కని నీలంగానే కనిపిస్తుంది. కాగితం మీద మాత్రం ఊదా వైపు జారిపోతుంది. సయాన్‌కు, మెజెంటాకు మధ్య తేడా తక్కువగా ఉన్నప్పుడు మెజెంటాదే పైచేయి అవుతుంది. పైగా సిరా చుక్కలు కాగితంలో కాస్త వ్యాపిస్తాయి కాబట్టి, ఫైలులో 77 శాతం ఉన్న మెజెంటా కాగితం మీద అంతకన్నా ఎక్కువగా పడుతుంది. నీలం నీలంగా ఉండాలంటే మెజెంటా, సయాన్ కన్నా కనీసం 30 పాళ్లు తక్కువ ఉండాలి. నేను 40 తేడా పెడతాను, మీరూ అలాగే పెట్టండి.

రెండవ జాగ్రత్త సయాన్ గురించి. దాన్ని 90 వద్ద వదిలేయకుండా 100 చేయండి. నూరు శాతం ఉన్న సిరా నిండుగా పడుతుంది, అందులో చుక్కలుండవు, కాబట్టి చుక్కలు వ్యాపించి రంగు మారే ప్రమాదం ఆ సిరా వరకు ఉండదు. అటూఇటూ కదిలేది మెజెంటా ఒక్కటే మిగులుతుంది. మన ప్రెస్సుల్లో విజిటింగ్ కార్డులను చాలామంది ఖాతాదారులవి కలిపి ఒకే షీటు మీద వేస్తారు. పక్క కార్డులోని ముఖం ఎర్రగా రావాలని మిషన్ మీద మెజెంటా పెంచితే, ఆ పెంపు మీ నీలంలోకి కూడా వస్తుంది. మీ ఒక్క కార్డు కోసం సిరా సరిచేయమని అక్కడ అడగలేరు. సిరాలు ఎంత తక్కువగా ఉంటే రంగు అంత నిలకడగా ఉంటుంది. అందుకే ప్రధాన రంగులో పసుపు సిరాను ఒక్క పాలు కూడా ఉంచకండి. ముదురుతనం కావాలంటే కొద్దిగా నలుపు కలపవచ్చు.

ఇప్పుడు నమూనా పట్టీ తయారుచేయండి. రెండు అంగుళాల పొడవు, అర అంగుళం వెడల్పు ఉన్న పట్టీలు ఐదు గీసి, అన్నింటిలోనూ సయాన్‌ను 100 వద్ద ఉంచి, మెజెంటాను 45, 50, 55, 60, 65గా మార్చండి. అదే వరుసను K10 కలిపి రెండోసారి గీయండి. పట్టీ పక్కనే దాని పాళ్లను నల్ల అక్షరాల్లో రాయడం మరువకండి, ఎందుకంటే కత్తిరించాక ఏది ఏదో ఎవరికీ తెలియదు. ఈ షీటును ఆర్ట్ కార్డు మీద, మ్యాప్‌లిథో మీద, రేపు అసలు పని వేయబోయే ఆఫ్‌సెట్ మిషన్ మీదే వేయించండి. డిజిటల్ ప్రింటరు ఇచ్చే నీలం టోనరుది, ఆఫ్‌సెట్ సిరాది కాదు, కాబట్టి దాన్ని చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఖర్చు ఎక్కువనిపిస్తే, ప్రెస్సువారు వేరే పని వేసేటప్పుడు షీటు అంచున మిగిలే ఖాళీలో ఈ పట్టీలను వేయమని ముందుగా మాట్లాడుకోండి.

మిషన్ పక్కన నిలబడి, తడి షీటును చూసి సరే అనేయడం చాలామంది చేసే పని. తడిగా ఉన్నప్పుడు సిరా మెరుస్తుంది. మ్యాప్‌లిథో దాన్ని పీల్చుకుని ఆరాక రంగు మొద్దుబారుతుంది. ఒక రోజు ఆగండి. కార్డు షీటుకైతే మ్యాట్ ల్యామినేషన్ కూడా చేయించాకే చూడండి, ఆ పొర ముదురు నీలం మీద పలుచని తెల్లదనాన్ని తెస్తుంది. తరువాత పట్టీలను విడివిడిగా కత్తిరించి, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర తెల్లకాగితం మీద పెట్టి పోల్చండి. పసుపు బల్బు కింద చూస్తే అసలు ఛాయ తెలియదు.

ముందుగా ఆర్ట్ కార్డు మీద నచ్చిన పట్టీని ఎంచుకోండి. మన ల్యాబ్‌కు అది C100 M60 Y0 K10 అయిందనుకుందాం. తరువాత మ్యాప్‌లిథో పట్టీలలో దానికి అతి దగ్గరగా ఉన్నదాన్ని వెతకండి. అదే పాళ్లున్న పట్టీ అక్కడ నల్లబడి, కొంచెం ఊదాగా కనిపిస్తుంది. సరిపోయేది చాలాసార్లు నలుపు లేనిది, మెజెంటా పది పాళ్లు తక్కువున్నది అవుతుంది, అంటే C100 M50 Y0 K0. ఈ రెండు పాళ్లనూ రాసి పెట్టుకోండి. ఒకే రంగుకు రెండు పాళ్లెందుకని ఎవరైనా అడిగితే, రెండు పట్టీలనూ వాళ్ల చేతికివ్వండి. మ్యాప్‌లిథో మీద కార్డు మీదున్నంత నిగారింపు ఎలాగూ రాదు. రావలసింది అదే రంగు అన్న గుర్తింపు.

మిగిలిన రంగులు

ముదురు నీలం కోసం కార్డు మీద C100 M60 Y0 K50 వాడండి. ఇది వ్యాపారం పేరుకు, పెద్ద శీర్షికలకు మాత్రమే.

లేత రంగులు రెండు చాలు. ప్రధాన రంగులోని ప్రతి సిరాను సమానంగా తగ్గించడం అందరూ చేసే పద్ధతి. అలా 40 శాతానికి తగ్గిస్తే C40 M24 K4 వస్తుంది. అందులో నాలుగు శాతం నల్ల చుక్కలు మురికిలా కనిపిస్తాయి, మెజెంటా వల్ల నీలం లావెండర్ అవుతుంది. నలుపు తీసేసి, మెజెంటాను మరికాస్త తగ్గించి C40 M18 పెట్టండి. అంతకన్నా లేతదానికి C12 M4. దీనికన్నా తక్కువ పెడితే మ్యాప్‌లిథో మీద చుక్కలు నిలబడవు.

తోడుగా ఒక వెచ్చని రంగు ఉండాలనుకుంటే C0 M50 Y100 K0, అంటే నారింజ. నీలానికి ఎదురు రంగు కావడమే కాక, ఇందులో సయాన్ లేదు. దాన్ని కార్డు మీద ఒక సన్నని పట్టీకో చిన్న గుర్తుకో పరిమితం చేయండి. ఎరుపు వద్దు. రక్తపరీక్షల ఫలితాల కాగితం మీద ఎరుపు కనిపిస్తే, రోగి దాన్ని హెచ్చరికగా చదువుకుంటాడు.

చిరునామా, ఫోన్ నంబరు, సన్న అక్షరాలన్నీ K100 ఒక్కటే. దీనిలో మినహాయింపు లేదు. ముదురు నీలంలో మూడు సిరాలున్నాయి, మూడు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా ఏడు పాయింట్ల అక్షరం చుట్టూ రంగు అంచు కనిపిస్తుంది. బూడిద రంగు బాగుంటుందని K60 పెడితే, అక్షరం చుక్కలతో ఏర్పడి అంచులు రంపపు పళ్లలా వస్తాయి. గట్టిగా చూస్తే తప్ప కారణం తెలియదు, చదివేవారికి మాత్రం ఏదో మసకగా అనిపిస్తుంది.

ఏ వస్తువు మీద ఏది

లెటర్‌హెడ్ పైన లోగో మ్యాప్‌లిథో పాళ్లలో, అడుగున C12 M4తో సన్నని పట్టీ, మధ్యభాగం పూర్తిగా ఖాళీ. ఫలితాలు లేజర్ ప్రింటరులో వేస్తారు కనుక, ముద్రించిన కాగితం ఆ వేడిని తట్టుకోవాలి. సిరా పూర్తిగా ఆరకముందే వాడితే అది ప్రింటరు రోలరుకు అంటుకుని, తరువాతి షీట్ల మీద మచ్చలు పడతాయి. లేజర్ ప్రింటరులో వాడతామని ప్రెస్సుకు ముందే చెప్పండి. కవర్లకూ ఇవే పాళ్లు.

రశీదు పుస్తకం ఒకే సిరాతో వేస్తారు కాబట్టి, సీఎంవైకే పాళ్లు అక్కడ పనికిరావు. ఎంచుకున్న మ్యాప్‌లిథో పట్టీని సిరా కలిపేవారి చేతికిచ్చి, దానికి సరిపోయే స్పెషల్ కలర్ కలపమనండి. ప్యాంటోన్ అనే రంగు నమూనాల పుస్తకం ఉన్న ప్రెస్సయితే, రంగు సంఖ్య చివర U ఉన్నవాటిలో చూడమని చెప్పండి. C ఉన్నవి నునుపు కాగితానికి, U ఉన్నవి పూత లేని కాగితానికి. గీతలన్నీ నూరు శాతం సిరాతో సన్నగా ఉండాలి, లేత రంగులో గీస్తే చుక్కలుగా విరిగిపోతాయి. పలుచని కాగితం మీద నిండు పట్టీలు వెనక్కి కనిపిస్తాయి కాబట్టి అవి ఇక్కడ వద్దు.

చివరగా, ఆమోదించిన పట్టీలను, పాళ్లను, కాగితం పేరును ఒక షీటు మీద అంటించి రెండు ప్రతులు తయారుచేయండి. ఒకటి ప్రెస్సుకు, ఒకటి మీకు. వెలుతురులో రంగు వెలిసిపోతుంది కాబట్టి దాన్ని మందపాటి కవరులో పెట్టండి. తిరిగి ఆర్డరు ఇచ్చినప్పుడు క్రితంసారి మిగిలిన కార్డుతో పోల్చమని ఎప్పుడూ చెప్పకండి. ప్రతిసారీ కొద్దిగా తేడా ఉంటుంది. ఒకదాన్ని చూసి మరొకటి వేస్తూ పోతే, నాలుగు ఆర్డర్ల తరువాత నీలం ఎక్కడికో వెళ్లిపోతుంది. ప్రతిసారీ ఈ షీటుతోనే పోల్చమని ఆర్డరు కాగితం మీదే రాయండి.