దాళ్వా సీజన్లో పని గడువు మార్పించుకున్న పద్ధతి

మండపేట వైపు రైస్ మిల్లు ఆఫీసు, మే మొదటి వారం. ధాన్యం లారీల తూకం చీటీలు రోజూ కంప్యూటర్లో ఎక్కించాలి, 11లోగా ఏప్రిల్ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 వేయాలి. ఈలోగా గోడౌన్ స్టాకు లెక్క మొత్తం 10కల్లా కావాలన్నారు మేనేజర్ గారు.

"పని ఎక్కువైపోయిందండీ" అంటే "అందరికీ ఎక్కువే" అంటారు. ఆ మాటలో ఆయన తేల్చాల్సిందేమీ ఉండదు మరి. ముందు ఆ లెక్క దేనికో అడిగాను. బియ్యం కొనే పార్టీ వస్తున్నారట. తర్వాత గంటలు కాగితం మీద పెట్టాను: చీటీలకు రోజుకు 3, రిటర్నుకు 12, స్టాకుకు 20. ఐదు రోజులకు 47 గంటలు కావాలి, ఉన్నవి 40.

"రిటర్ను తేదీ మన చేతిలో లేదండీ, దాటితే లేటు ఫీజు. 10కి బియ్యం లెక్క ఇచ్చేస్తాను, నూక, తవుడు 13కి ఇస్తాను. లేదూ, మొత్తం 10కే కావాలంటే కాటా దగ్గర కుర్రాణ్ణి రోజూ రెండు గంటలు చీటీలకు ఇవ్వండి."

ఆయన మొదటిదే ఎంచుకున్నారు. గంటలు పెంచి రాయకూడదు, ఆ పని చేసినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఒప్పుకున్న తేదీలు ఆ సాయంత్రమే వాట్సాప్‌లో పెట్టాలి. సీజన్ హడావిడిలో నోటిమాట ఎవరికీ గుర్తుండదు, 10న మళ్లీ తవుడు లెక్క అడుగుతారు.