డోలో, టైలెనాల్ ఒకటే మందు: అమెరికాలో మొదటి జ్వరం రాకముందే చదవండి

అమెరికా వచ్చిన మొదటి చలికాలంలో ఒక్కసారైనా మంచం ఎక్కని విద్యార్థులు తక్కువ. ఇన్సూరెన్స్ కార్డు సంగతి, అర్జెంట్ కేర్ ఎక్కడుందన్న సంగతి మీ సీనియర్లు చెప్తారు. ఇక్కడ చెప్పేది ఒక్క మందు గురించే. అమ్మ సూట్‌కేసులో సర్ది పంపిన డోలో స్ట్రిప్పులు, ఇక్కడి షాపులో కొన్న జలుబు మందులు కలిపి వేసుకుంటే తెలియకుండానే ఒకే మందు రెండింతలు, మూడింతలు ఒంట్లోకి వెళ్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా పడే గుంట ఇదే.

గందరగోళమంతా పేరుతో మొదలవుతుంది. మన దగ్గర పారాసెటమాల్ అనే మందును అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. రెండూ ఒకటే, అణువు కూడా తేడా లేదు. డోలో, క్రోసిన్, కాల్‌పాల్‌లో ఉన్నదే టైలెనాల్‌లో ఉంది. డబ్బా మీద పారాసెటమాల్ అన్న మాట కనపడదు కాబట్టి ఇదేదో వేరే మందు అనుకుంటారు. "డోలోకి తగ్గలేదు, ఇక్కడి మందు వేసి చూద్దాం" అని టైలెనాల్ మింగుతారు. అలా వేసుకున్నది రెండో మందు కాదు, రెండో డోసు.

టైలెనాల్ దగ్గర ఆగితే ఇంత చెప్పక్కర్లేదు. జలుబుకని అమ్మే కలగలుపు మందుల్లో చాలావాటిలో ఇదే మందు దాక్కుని ఉంటుంది. డేక్విల్, నైక్విల్, వేడినీళ్ళలో కలుపుకుని తాగే థెరాఫ్లూ పొట్లం, టైలెనాల్ కోల్డ్, మ్యూసినెక్స్ ఫాస్ట్-మ్యాక్స్, వీటిలో చాలా రకాల్లో ఉంది. మ్యూసినెక్స్ అనే పేరుతోనే వచ్చే మామూలు మాత్రలో మాత్రం లేదు, అందులో ఉన్నది కఫాన్ని పలచన చేసే గ్వైఫెనెసిన్ ఒక్కటే. అందుకే బ్రాండు పేరు నమ్మొద్దు. ఒకే పేరు కింద డేటైమ్, నైట్‌టైమ్, సివియర్, పీఎం అని నాలుగు డబ్బాలుంటే నాలుగింటిలో సరుకు వేరు. మన సూట్‌కేసులోనూ ఇదే తంతు. సైనరెస్ట్‌లో పారాసెటమాల్ ఉంది. ఒళ్ళునొప్పులకని తెచ్చుకునే కాంబిఫ్లామ్‌లో 325 మి.గ్రా. పారాసెటమాల్‌తో పాటు 400 మి.గ్రా. ఐబుప్రొఫెన్ కూడా ఉంది.

ఇది ఎలా జరుగుతుందో ఒక రోజు లెక్క వేసి చూద్దాం. జనవరి నెల, 102 జ్వరం, ముక్కు దిబ్బడ, దగ్గు. పొద్దున 8కి ఒక డోలో 650. పదింటికి డేక్విల్ క్యాప్సూల్స్ రెండు. ఒంటిగంటకు మళ్ళీ డోలో. రెండింటికి డేక్విల్ రెండు. సాయంత్రం 5కి రూమ్మేట్ జాలిపడి ఒక థెరాఫ్లూ పొట్లం కలిపిస్తాడు. ఆరింటికి డేక్విల్ రెండు. రాత్రి 9కి డోలో. పదిన్నరకు నిద్ర పట్టడానికి నైక్విల్ ద్రవం, కప్పు మీద గీత దాకా 30 మి.లీ.

ఏ డబ్బా మీద రాసిన డోసూ ఎక్కడా మీరలేదు. ఇప్పుడు కూడండి. డోలో మూడు, 1950 మి.గ్రా. డేక్విల్ ఒక్కో క్యాప్సూల్‌లో 325, ఆరు క్యాప్సూల్స్‌కి 1950. థెరాఫ్లూ పొట్లంలో 650, నైక్విల్ 30 మి.లీ.లో 650. మొత్తం 5200. పెద్దవాళ్ళకు 24 గంటల్లో 4000 మి.గ్రా. దాటితే కాలేయం తీవ్రంగా దెబ్బతినవచ్చని చాలా డబ్బాల మీద హెచ్చరిక ఉంటుంది. 500 మి.గ్రా. ఎక్స్‌ట్రా స్ట్రెంగ్త్ టైలెనాల్ డబ్బా అయితే ఇంకా తక్కువ దగ్గరే ఆపుతుంది, రోజుకు ఆరు మాత్రలు, అంటే 3000. డాక్టరు చూడకుండా సొంతంగా వేసుకునేవాళ్ళు 3000 దగ్గరే ఆగిపోవడం మంచిది.

ఆ 24 గంటలంటే పొద్దుట్నుంచి రాత్రి దాకా కాదు. తెల్లారింది కదా అని లెక్క సున్నాకి రాదు. ఈ మాత్ర వేసుకునే నిమిషం నుంచి వెనక్కి 24 గంటలు చూసుకోవాలి, నిన్న రాత్రి నైక్విల్ కూడా అందులోకే వస్తుంది.

కాలేయం ఎందుకు దెబ్బతింటుందో తెలిస్తే ఈ లెక్క గుర్తుంటుంది. మనం మింగిన పారాసెటమాల్‌లో చాలా భాగాన్ని కాలేయం హాని లేకుండా మార్చి మూత్రంలో పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం విషంగా మారుతుంది. దాన్ని అక్కడికక్కడే విరిచేయడానికి కాలేయంలో గ్లూటాథయోన్ అనే పదార్థం నిల్వ ఉంటుంది. మందు ఎక్కువై ఆ నిల్వ అడుగంటితే, మిగిలిన విషం కాలేయ కణాలనే కాల్చేస్తుంది. లంఖణాలు ఉన్నప్పుడు, రెండు రోజులుగా వాంతులతో అన్నం దిగనప్పుడు ఈ నిల్వ ముందే తగ్గి ఉంటుంది. రోజూ మద్యం తాగే అలవాటున్నవాళ్ళకూ ముప్పు ఎక్కువే. ఇలాంటివాళ్ళకు, ముందే కాలేయ జబ్బు ఉన్నవాళ్ళకు, బాగా సన్నగా ఉన్నవాళ్ళకు 3000 కూడా ఎక్కువే కావచ్చు. వీళ్ళు ఫార్మసిస్టునో డాక్టరునో అడగకుండా వేసుకోకూడదు. ఫార్మసీ కౌంటరు దగ్గర అడగడానికి అపాయింట్‌మెంటూ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు.

డబ్బా చదవడం అర నిమిషం పని. దాన్ని కూడా ఎగ్గొడతారు! డబ్బా వెనక్కి తిప్పితే 'డ్రగ్ ఫ్యాక్ట్స్' అని ఒక పెట్టె ఉంటుంది. అందులో మొదటి వరుస 'యాక్టివ్ ఇంగ్రీడియెంట్స్'. దాని పక్కనే బ్రాకెట్లో ఒక్కో క్యాప్సూల్‌కా, ఒక్కో మాత్రకా, 15 మి.లీ.కా, 30 మి.లీ.కా అన్నది రాసి ఉంటుంది. చాలామంది తప్పు చదివేది ఇక్కడే. డేక్విల్ డబ్బా మీద 325 అని చూసి తక్కువే అనుకుంటారు. అది ఒక క్యాప్సూల్‌కి. డోసు రెండు క్యాప్సూల్స్, కాబట్టి 650. షాపు సొంత బ్రాండు డబ్బాలు రంగులో, ఆకారంలో పెద్ద బ్రాండులాగే ఉంటాయి, వాటికీ ఇదే పద్ధతి. పన్ను పీకించుకున్నాక డెంటిస్టు రాసే నొప్పి మాత్రల సీసా మీద ఎ, పి, ఎ, పి అని నాలుగు అక్షరాలు కనపడితే అదీ ఎసిటమినోఫెనే.

మరి ఎలా కలుపుకోవాలి? పారాసెటమాల్ ఒకే చోటి నుంచి రావాలి, రెండు దారులు వద్దు. కలగలుపు మందే కావాలంటే పగలు డేక్విల్ మూడు సార్లు, చివరిది వేసుకున్న నాలుగు గంటలకు పైగా ఆగి పడుకునేముందు నైక్విల్ ఒకసారి. అంతా కలిపి 2600. ఆ రోజు డోలో స్ట్రిప్పు సూట్‌కేసులోంచి బయటికి రాకూడదు. లేదంటే రెండో దారి, నిజానికి ఇదే మేలు. జ్వరానికి డోలో ఒక్కటే, ఆరేసి గంటలకు ఒకటి, రోజుకు నాలుగు దాటకుండా. దీనికీ 2600. మిగతా బాధలకు ఒక్కో మందే ఉన్న డబ్బాలు కొనండి. కఫానికి గ్వైఫెనెసిన్, పొడి దగ్గుకు డెక్స్‌ట్రోమెథార్ఫాన్, ముక్కు కారుతుంటే సెటిరిజిన్, దిబ్బడకు ఉప్పునీటి స్ప్రే. ఏ బాధ లేదో ఆ మందు మానేయవచ్చు. కలగలుపు మాత్రలో అది కుదరదు, దగ్గు లేకపోయినా దగ్గు మందు మింగాల్సిందే.

ముక్కు దిబ్బడకని ఆ కలగలుపుల్లో కలిపే ఫినైలెఫ్రిన్ నోటితో మింగితే పనిచేయదని 2023లో ఎఫ్‌డీఏ సలహా సంఘం తేల్చింది. ఆ ఒక్కదాని కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

రెట్టింపయ్యేది పారాసెటమాల్ ఒక్కటే కాదు. నైక్విల్‌లో మత్తు కలిగించే డాక్సిలమిన్ ఉంది. సైనరెస్ట్‌లో అలాంటిదే క్లోర్‌ఫెనిరమిన్ ఉంది. పేరులో పీఎం అని ఉన్న మందుల్లో డైఫెన్‌హైడ్రమిన్ ఉంటుంది. పేర్లు వేరైనా పని ఒకటే. రెండు కలిస్తే మర్నాడు మధ్యాహ్నం దాకా తల ఎత్తలేరు, కారు అస్సలు నడపకూడదు. అడ్విల్ అంటే ఐబుప్రొఫెన్, అలీవ్ అంటే నాప్రొక్సెన్, రెండూ ఒకే కుటుంబం. వాటిని కలిపినా, కాంబిఫ్లామ్‌తో అడ్విల్ వేసుకున్నా కడుపు, కిడ్నీల మీద భారం పడుతుంది.

పారాసెటమాల్‌తో అడ్విల్ మాత్రం వేర్వేరు మందులు కాబట్టి అవసరమైతే అన్నం తిన్నాక వేసుకోవచ్చు. అల్సర్, కిడ్నీ జబ్బు, గర్భం ఉన్నవాళ్ళు వద్దు. ఇండియా నుంచి దిగి రెండు వారాలు కాకముందే జ్వరం వస్తే కూడా అడ్విల్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు. అది డెంగీ అయితే ఆ మందులతో రక్తస్రావం పెరుగుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళి, అడగకపోయినా ఇండియా నుంచి ఎప్పుడు వచ్చారో చెప్పండి. ఇక్కడి డాక్టరుకు డెంగీ, మలేరియా మొదట తట్టకపోవచ్చు.

పిల్లలతో వచ్చినవాళ్ళకు ఒక్క మాట. మన సిరప్‌లు 5 మి.లీ.కి 120, 125, 250 అని రకరకాల బలంతో దొరుకుతాయి. ఇక్కడి పిల్లల సిరప్ 5 మి.లీ.కి 160. అక్కడి స్పూను కొలత ఇక్కడి సీసాకు వాడొద్దు. బిడ్డ బరువు చెప్పి ఫార్మసిస్టును అడిగి, సీసాతో వచ్చిన కొలత కప్పుతోనో సిరంజితోనో పోయండి. నాలుగేళ్ళలోపు పిల్లలకు కలగలుపు జలుబు మందులు వద్దని లేబుళ్ళ మీదే ఉంటుంది.

ఇప్పటికే ఎక్కువ వేసేసుకున్నారా? కూడి చూశాక 4000 దాటిందంటే ఒంట్లో బాగానే ఉంది కదా అని కూర్చోవద్దు. మొదటి రోజు ఏమీ తెలియదు, తెలిసినా కాస్త వికారం, వాంతి. అవి జ్వరం వల్లే అనుకుంటాం. కుడి పక్కటెముకల కింద నొప్పి, కళ్ళు పచ్చబడటం రెండు మూడు రోజులకు బయటపడతాయి, అప్పటికి కాలేయం దెబ్బతిని ఉంటుంది. ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, ఒక్కసారిగా ఎక్కువ మింగితే ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే బాగా కాపాడుతుంది. పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222. రాత్రీ పగలూ ఎత్తుతారు, ఉచితం, ఇన్సూరెన్స్ అడగరు. డబ్బాలన్నీ ముందు పెట్టుకుని ఏది ఎన్నింటికి ఎంత వేసుకున్నారో చెప్పండి. హాస్పిటల్‌కి వెళ్ళాలా, ఇంట్లో ఉండొచ్చా అన్నది వాళ్ళే చెప్తారు. మనిషి మగతలో ఉంటే మాత్రం నేరుగా 911.

ఇంత చెప్పానని భయపడి, ఒళ్ళు కాలిపోతున్నా మాత్ర వేసుకోకుండా పడుకోవద్దు. లెక్కలో వాడినంతవరకు పారాసెటమాల్ మంచి మందే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు పొరపాటున ఒక్క డోసు ఎక్కువ వేసుకుని, రోజు మొత్తం 4000 లోపే ఉంటే మామూలుగా ఏమీ కాదు. తర్వాతి డోసు మానేసి, లెక్క మళ్ళీ సరిచూసుకుంటే చాలు. జలుబు ఏ మందు వేసినా వారం పది రోజుల్లో తనంతట తానే పోతుంది. జ్వరం మూడు రోజులు దాటినా, ఊపిరాడకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఈలోగా స్ట్రిప్పు మీదే పెన్నుతో, వేసుకున్న ప్రతి మాత్ర పక్కన టైము రాయండి. నైక్విల్ తాగితే అదీ ఆ స్ట్రిప్పు మీదే.