మెడికల్ లీవ్ లెటర్ తిరిగొస్తోందా? జబ్బు సంగతి ఆఫీసంతా పాకిందా?

రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో హెచ్‌ఆర్ పని చేసేవాళ్ళకి ఈ రెండు ఫిర్యాదులూ తెలిసినవే. చాలాసార్లు రెండూ ఒకే మనిషికి ఎదురవుతాయి.

సమస్య: "సరైన డాక్యుమెంట్లు జత చేయండి" అని లెటర్ వెనక్కి వస్తుంది

ఒక అమ్మాయి సంగతి చూద్దాం. గర్భసంచిలో గడ్డలకు తిరుపతిలో ఆపరేషన్ అయింది, డాక్టర్ ఆరు వారాలు విశ్రాంతి రాశారు. లీవ్ అడిగితే ఆఫీసు నుంచి ఆ ఒక్క ముక్కే జవాబు వచ్చింది. ఏవి సరైనవో అందులో లేదు. లీవ్ రాదేమోనన్న టెన్షన్‌తో ఆమె స్కాన్ రిపోర్టు, బయాప్సీ, డిశ్చార్జ్ సమ్మరీ అన్నీ ఫోటోలు తీసి లైన్ సూపర్‌వైజర్ వాట్సాప్‌కి పంపేసింది. ఆయన వాటిని షిఫ్ట్ గ్రూపులో ఫార్వర్డ్ చేశారు. ఇంతా చేస్తే లెటర్ మళ్ళీ తిరిగొచ్చింది, అసలు కావలసిన కాగితం అందులో లేదు కాబట్టి.

కారణం

లీవ్‌కి కావలసింది జబ్బు చరిత్ర కాదు, డాక్టర్ సర్టిఫికెట్. వైద్యుల వృత్తి నియమావళి (2002) ప్రకారం ఆ సర్టిఫికెట్ మీద రోగి సంతకం లేదా వేలిముద్ర, చిరునామా, కనీసం ఒక గుర్తింపు చిహ్నం అంటే పుట్టుమచ్చ లాంటిది ఉండాలి. ఏ తేదీ నుంచి ఎన్నాళ్ళు విశ్రాంతి అవసరమో రాయాలి. డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. వెనక్కి వచ్చే సర్టిఫికెట్లలో తరచూ కనిపించే లోపాలు రెండు: రోగి సంతకం ఉండదు, లేదా "విశ్రాంతి అవసరం" అని రాసి తేదీలు వదిలేస్తారు. ఆసుపత్రి గడప దాటకముందే ఈ రెండూ చూసుకోండి.

ఇంకో చిక్కుంది. ఆ నియమావళిలోని నమూనాలో జబ్బు పేరు రాసే ఖాళీ కూడా ఉంటుంది. కాబట్టి సర్టిఫికెట్ కూడా అందరి చేతుల్లో పడాల్సింది కాదు. "శస్త్రచికిత్స తర్వాత విశ్రాంతి" అని మాత్రమే రాయమని డాక్టర్‌ని అడగొచ్చు. ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు.

పరిష్కారం: ఒక లెటర్‌ని రెండుగా విడగొట్టండి

సూపర్‌వైజర్‌కి షిఫ్ట్ సర్దుకోవడానికి తేదీలు చాలు. ఆయనకి ఇంతే రాయండి:

"సార్, డాక్టర్ సలహా మేరకు జూన్ 2 నుంచి జూలై 13 వరకు 42 రోజులు మెడికల్ లీవ్ కోరుతున్నాను. సర్టిఫికెట్‌ని హెచ్‌ఆర్‌కి విడిగా అందజేస్తున్నాను."

సర్టిఫికెట్ హెచ్‌ఆర్‌లో లీవ్‌లు చూసే ఒక్కరి మెయిల్‌కే వెళ్ళాలి. సబ్జెక్టులో "మెడికల్ లీవ్ వినతి" అనీ, మీ ఉద్యోగి నంబరూ చాలు. ఫైలు పేరు కూడా చూసుకోండి. ఆసుపత్రి వాళ్ళు పంపే ఫైళ్ళకి ఆపరేషన్ పేరే పెట్టేసి ఉంటుంది, దాన్ని మార్చి పంపండి.

అసలు మారాల్సింది హెచ్‌ఆర్ జవాబు. ఇలా రాస్తే ఎవరూ ఫైలంతా పంపరు:

"మీ వినతి అందింది. మాకు కావలసినవి రెండే. ఇప్పుడు తేదీలు, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు, మీ సంతకం ఉన్న మెడికల్ సర్టిఫికెట్. తిరిగి చేరే రోజు ఫిట్‌నెస్ సర్టిఫికెట్. స్కాన్, ల్యాబ్ రిపోర్టులు పంపవద్దు. సర్టిఫికెట్‌ని లీవ్ ఫైలులోనే ఉంచుతాం, మీ విభాగానికి తేదీలు మాత్రమే తెలియజేస్తాం."

మంజూరు లెటర్‌లోనూ తేదీలు, ఏ ఖాతా లీవ్, జీతం ఎలా అన్నవే ఉండాలి. జబ్బు పేరు అక్కర్లేదు, ఎందుకంటే దాని కాపీ విభాగానికీ అకౌంట్స్‌కీ వెళ్తుంది.

ఈఎస్‌ఐ ఉన్నవాళ్ళు ప్రైవేటు డాక్టర్ కాగితంతో ఆగిపోవద్దు. జీతం బదులు వచ్చే నగదు (అర్హత ఉంటే సగటు వేతనంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల వరకు) కావాలంటే ఈఎస్‌ఐ డాక్టర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. డిశ్చార్జ్ సమ్మరీ చూపించాల్సింది అక్కడే, ఫ్యాక్టరీలో కాదు. ఆ నగదు అందుకుంటున్న కాలంలో జబ్బు సెలవు పేరుతో ఉద్యోగం నుంచి తీసేయడం, 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఈఎస్‌ఐ చట్టంలోని 73వ సెక్షన్ ప్రకారం కుదిరేది కాదు.

సమస్య: తిరిగి వస్తే గేటు దగ్గర ఆపేశారు

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకపోవడమే కారణం. లీవ్ ముగియడానికి రెండు మూడు రోజుల ముందే డాక్టర్‌ని కలవండి. బరువులు ఎత్తకూడదంటే, "బాగైంది" అని ఊరుకోకుండా ఏ పని ఎన్నాళ్ళు చేయకూడదో రాయించుకోండి. ఎందుకు చేయకూడదో రాయాల్సిన పని లేదు. ఆ ఒక్క వాక్యం మాత్రం సూపర్‌వైజర్‌కి చూపించండి.