పది మీటర్ల ఎయిర్ రైఫిల్ – నాలుగో పాఠం: గ్రూప్ విప్పిచెప్పే తప్పులు

కిందటి పాఠం చివర ఒకే కార్డు మీద పది షాట్లు కొట్టి తెమ్మన్నాం. సైట్లు తిప్పవద్దని, గుండ్లు పది మీద పడకపోయినా ఫర్వాలేదని కూడా చెప్పాం. ఈ పాఠమంతా ఆ కార్డు మీదే. ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసుకుని, ఛాంబర్‌లో సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి, దాన్ని బెంచీ మీద పెట్టేయండి. కొలవడానికి ఒక స్కేలు చాలు.

కార్డు మీద పడ్డ ఆ పది చిల్లుల గుంపునే గ్రూప్ అంటాం. దానిలో బాగా ఎడంగా ఉన్న రెండు చిల్లుల బయటి అంచుల మధ్య దూరం కొలిచి, అందులోంచి పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. తీసేయండి. మిగిలింది కేంద్రం నుంచి కేంద్రానికి దూరం. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి విడివిడిగా కొలవండి. రెండూ కలిపి ఒకే అంకె రాసుకుంటే తప్పు ఎక్కడుందో తెలియదు.

ఆ అంకెను దేనితో పోల్చాలో చూద్దాం. టార్గెట్ మధ్య పది అనే చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. పెల్లెట్ అంచు దానికి తగిలినా పదే కాబట్టి, పెల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రానికి 2.5 మి.మీ. లోపల పడితే పది వచ్చినట్టు. ఆపైన ప్రతి 2.5 మి.మీ.కి ఒక పాయింటు పోతుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినప్పుడు క్వాలిఫికేషన్ స్కోరు 600కి 598. అంటే 60 షాట్లలో పోయినవి రెండే పాయింట్లు. ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య సుమారు 80 సెం.మీ. ఉందనుకుంటే, ముందు సైటు 0.2 మి.మీ. పక్కకు జరిగినా టార్గెట్ మీద ఆ 2.5 మి.మీ. పోయినట్టే. చేతి కండబలంతో ఇంత సన్నటి కదలికను ఆపడం కుదరదు. అందుకే రైఫిల్ బరువును ఎముకల మీద పెట్టి నిలబడటం నేర్చుకుంటాం.

ఇక్కడి నుంచి కుడిచేతి వాటం షూటర్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాం. ఎడమచేతి వాటం వాళ్లు దిక్కులు తిప్పి చదువుకోండి. ఉదాహరణకు ఒక కొత్త షూటర్ కార్డు తీసుకుందాం. అడ్డంగా బయటి కొలత 18.5, నిలువుగా 10.5 వచ్చింది. పెల్లెట్ తీసేస్తే 14, 6. గుండ్లు నల్లటి వలయం మధ్య నుంచి కుడివైపుకు పడుకున్న గీతలా పరుచుకున్నాయి.

ఇలాంటి కార్డు చూడగానే చాలామంది ట్రిగ్గర్‌ను అనుమానిస్తారు. తొందరపడకండి. షాట్ పేలగానే, చిల్లు చూడకముందే, పేలిన క్షణంలో సైటు ఎక్కడుందో కాగితం మీద చుక్క పెట్టుకోమని రెండో పాఠంలో చెప్పాం. దీన్నే కాల్ చెయ్యడం అంటారు. కాల్, చిల్లు ఒకే చోట ఉంటే మీ కన్ను నిజమే చెప్పింది, గురే అక్కడుంది. కాల్ పది అయి చిల్లు ఎనిమిదిలో ఉంటే, ఆ చివరి క్షణంలో మీకు తెలియకుండా ఏదో కదిలింది. మన షూటర్ కాల్స్ చాలావరకు చిల్లులతో సరిపోయాయి. కాబట్టి తప్పు ట్రిగ్గర్ వేలిలో లేదు, పాదాల్లో ఉంది.

ఎలా నిలబడాలో ఒకసారి గుర్తు చేసుకుందాం. టార్గెట్‌కు ఎడమ పక్క చూపిస్తూ, పాదాలు భుజాల వెడల్పులో ఉండాలి. మోకాళ్లు నిటారుగా ఉండాలి కానీ వెనక్కి బిగించకూడదు. ఎడమ తుంటి టార్గెట్ వైపు కొద్దిగా ముందుకు జరుగుతుంది, ఎడమ మోచెయ్యి ఆ తుంటి ఎముక మీదో, దాని పైన పక్కటెముకల మీదో ఆనుతుంది. రైఫిల్ 5 కిలోల దాకా ఉంటుంది, నియమాల ప్రకారం 5.5 దాటకూడదు. ఆ బరువు ముందుకు లాగుతుంది కాబట్టి నడుము పైభాగం కొద్దిగా వెనక్కి వాలి దాన్ని తూచాలి. సరిగ్గా కుదిరితే బరువు అరచేతి నుంచి మోచేతికి, తుంటికి, ఎడమ కాలికి దిగిపోతుంది. ఎడమ భుజం నొప్పి పుడుతోందంటే మోచెయ్యి ఆనలేదు, చెయ్యే మోస్తోంది.

ఇలా నిలబడ్డ శరీరం తనంతట తాను ఒక చోటికి గురి పెడుతుంది. దాన్ని నేచురల్ పాయింట్ ఆఫ్ ఎయిమ్ అంటారు. కనుక్కోవడం తేలికే. గురి పెట్టండి, కళ్లు మూసుకోండి, భుజాలు వదులు చేసి రెండు మూడు శ్వాసలు తీసుకోండి, ఊపిరి వదిలాక కళ్లు తెరవండి. సైటు ఇప్పుడు ఎక్కడుంటే శరీరానికి ఇష్టమైన చోటు అదే. మన షూటర్‌కు అది నల్లటి వలయం దాటి కుడివైపు, కార్డు అంచు దగ్గర తేలింది. ప్రతి షాట్‌కూ అతను నడుమును తిప్పి రైఫిల్‌ను ఎడమకు లాక్కొస్తున్నాడన్నమాట. ఆ లాగుడు ప్రతిసారీ ఒకేలా ఉండదు, పేలే క్షణంలో కాస్త సడలితే సైటు తన చోటికి పోతుంది. గుండ్లు మధ్య నుంచి కుడికి బారులు తీరడానికి కారణం ఇదే. సైటు స్క్రూ తిప్పితే ఈ బారు మొత్తం పక్కకు జరుగుతుంది, పొట్టిదవదు.

సర్దాల్సింది చేతిని కాదు, కుడి పాదాన్ని. ఎడమ పాదాన్ని ఇరుసులా ఉంచి, కుడి పాదాన్ని కాలివేళ్ల వైపు జరిపితే గొట్టం ఎడమకు పోతుంది. మడమ వైపు జరిపితే కుడికి పోతుంది. పక్క లేన్ టార్గెట్ మీదకు పోయినంత తేడా ఉంటే పాదం మొత్తం సెంటీమీటర్లలో జరపాలి. కార్డులోనే తేడా ఉంటే కాలి మడమనో వేళ్లనో ఇసుమంత తిప్పడం చాలు, పాదాన్ని ఎత్తకండి. తర్వాత మళ్లీ కళ్లు మూసుకుని చూడండి. నిలువులో తేడా ఉంటే భుజానికి ఆనే బట్‌ప్లేట్ సర్దండి. రైఫిల్ వెనక భాగం భుజంలో కిందికి కూర్చుంటే గొట్టం పైకి లేస్తుంది, పైకి కూర్చుంటే దిగుతుంది. ఈ పరీక్ష పది షాట్లకోసారి కాదు, పాదం కదిలిన ప్రతిసారీ చెయ్యాలి. పెల్లెట్ పెట్టడానికి వంగినప్పుడు పాదాలు జరిగే అలవాటు చాలామందికి ఉంటుంది, వాళ్లకే అది తెలియదు.

పాదం సర్దాక మన షూటర్ రెండో కార్డు కొట్టాడు. ఈసారి అడ్డంగా 7, నిలువుగా 9. బారు పోయింది కానీ నిలువు పెరిగింది. కిందికి పడ్డ మూడు షాట్లూ చాలాసేపు పట్టుకుని కొట్టినవే అని అతని నోట్‌బుక్కే చెబుతోంది. ఇక శ్వాస సంగతి చూడాలి.

ఊపిరి తీస్తే ఛాతీ ఉబ్బి రైఫిల్ పైకి, వదిలితే కిందికి కదులుతుంది. దీన్ని మనకు అనుకూలంగా వాడుకుంటాం. రైఫిల్‌ను నలుపు పైన ఉంచి మామూలుగా రెండు మూడు శ్వాసలు తీసుకోండి. చివరి ఊపిరి వదులుతుండగా సైటు పైనుంచి నలుపులోకి దిగాలి. ఊపిరి వదలడం దానంతట అదే ఆగే చోట ఆపండి. బలవంతంగా పొట్టలోంచి మొత్తం తోసేయకండి, అలా చేస్తే కడుపు కండరాలు బిగిసి వణుకు పుడుతుంది. కొందరు సగం ఊపిరి లోపల ఉంచుకుని ఆపుతారు. పెద్ద షూటర్లలోనూ అలా చేసేవాళ్లున్నారు. కొత్తవాళ్లకు మాత్రం మేం వద్దంటాం, ఎందుకంటే సగం ఎక్కడో ప్రతిసారీ మారిపోతుంది, దానితోపాటు గురి ఎత్తు కూడా మారుతుంది. ఊపిరి తనంతట ఆగే చోటు మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే.

ఆపిన మొదటి రెండు మూడు సెకన్లలో సైటు ఇంకా ఊగుతూ సర్దుకుంటుంది. తర్వాత మూడు నాలుగు సెకన్లు బాగా నిలుస్తుంది. ఎనిమిది సెకన్లు దాటాక ఊగడం మళ్లీ పెరుగుతుంది. అంతకంటే ప్రమాదం కంటిది. అదే పనిగా చూసిన కంటికి నల్లటి చుక్క చుట్టూ ఉన్న తెల్లటి వలయం సమంగానే ఉన్నట్టు అనిపిస్తూ ఉంటుంది, నిజంగా లేకపోయినా. మన షూటర్ కిందికి పడ్డ షాట్లు పేల్చింది ఈ వేళలోనే. చెయ్యి అలిసి గొట్టం దిగింది, కన్ను పట్టుకోలేదు. దీనికి మందు ఒక్కటే, ఎనిమిది సెకన్లలో షాట్ పోకపోతే వేలు తీసి రైఫిల్ దించెయ్యండి. 60 షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు. సగటున షాట్‌కు 75 సెకన్లు దొరుకుతాయి, దించి మళ్లీ మొదలుపెట్టడానికి టైముంది. దించడానికి మొహమాటపడేవాళ్ల కార్డులో కింద రెండు మూడు చిల్లులు ఎప్పుడూ ఉంటాయి.

ఆఖరిది ట్రిగ్గర్. పైన చెప్పిన రెండూ కుదరనిదే దీన్ని సరిచెయ్యడం వృథా. సైటు ఊగిపోతున్నప్పుడు అది పది మీదుగా పోయే క్షణం కోసం కాపు కాసి లాగాలనిపిస్తుంది, అది మానవ సహజం. కంటికి పది కనబడి వేలు కదిలేలోపు సైటు వెళ్లిపోయి ఉంటుంది. పైగా ఆ హడావిడిలో వేలితోపాటు అరచెయ్యి, భుజం కూడా బిగుస్తాయి.

వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఉండాలి, వేలు గొట్టానికి సూటిగా వెనక్కి రావాలి. వేలి పక్క భాగం చెక్కకు తగలకూడదు. తగిలితే నొక్కిన ప్రతిసారీ రైఫిల్‌ను తోస్తుంది. సైటు నలుపులోకి దిగుతుండగానే ట్రిగ్గర్ మొదటి దశ, అంటే తేలిగ్గా వెనక్కి వచ్చే భాగం, తీసేసి రెండో దశ గట్టి మీద ఆగండి. సైటు నిలిచే కొద్దీ నెమ్మదిగా ఒత్తిడి పెంచండి, ఊగితే పెంచడం ఆపి ఉన్నంత ఒత్తిడి అలాగే ఉంచండి. ఏ క్షణాన పేలుతుందో సరిగ్గా తెలియకపోవడమే మంచిది. పేలాక వేలు వెనకే ఉంచి, సైటు మళ్లీ ఎక్కడ వచ్చి నిలిచిందో ఒక సెకను చూడండి. పెల్లెట్ గొట్టం దాటక ముందే తల ఎత్తితే ఆ కదలిక చిల్లులో కనబడుతుంది. సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగమే కాబట్టి ఇది ఫైర్‌ఆర్మ్ గుండు కన్నా చాలా నిదానం.

మన షూటర్ మూడో కార్డులో తొమ్మిది షాట్లు 6 మి.మీ. వెడల్పులో కుదురుగా పడ్డాయి, ఒక్కటి మాత్రం కుడివైపు కిందికి, ఎనిమిదిలోకి పోయింది. కాల్ చూస్తే పది. ఇది ట్రిగ్గర్‌ను గుంజిన షాటే. అలాంటిది ఒకటి పడితే పాదాలు జరపకండి, సైటు ముట్టుకోకండి, తర్వాతి షాట్‌కు ముందు మూడుసార్లు డ్రై ఫైర్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం, చెయ్యండి.

వచ్చే పాఠానికి ముందు చెయ్యాల్సింది ఇది. రేంజ్‌లో, ఖాళీ రైఫిల్‌ను ఏ గుర్తూ లేని తెల్ల కాగితానికి గురిపెట్టి రోజూ 20 డ్రై ఫైర్లు. చూడటానికి టార్గెట్ లేదు కాబట్టి పేలిన క్షణంలో ముందు సైటు కదిలిందా లేదా ఒక్కటే కనబడుతుంది. రైఫిల్‌కు డ్రై ఫైర్ ఏర్పాటు ఉంటేనే చెయ్యండి, లేకపోతే లోపలి సీల్ పాడవుతుంది. తర్వాత మూడు కార్డులు, ఒక్కోదాని మీద పది షాట్లు. ప్రతి కార్డు వెనక అడ్డం కొలత, నిలువు కొలత, కాల్‌తో కలవని షాట్ల సంఖ్య రాయండి. బట్‌ప్లేట్, చెంప ఆనే చీక్‌పీస్ కొలతలు మీ శరీరానికి తగ్గట్టు కుదుర్చుకోవడం అయిదో పాఠంలో ఆ మూడు కార్డుల నుంచే మొదలుపెడతాం.