స్టాప్ కొట్టేసి మళ్లీ పైకే పోతోందా? ముందు ప్లాన్ కాగితం తీయండి

సమస్య

"అన్నా, నేను చూసిన చార్టు కరెక్టే. నా స్టాప్ కొట్టేసి, వారంలో నేను చెప్పిన చోటికే వెళ్లింది. ఎవరో నా ఆర్డర్ చూస్తున్నారు." బెంగళూరులో మన తెలుగు కుర్రాళ్లు నలుగురు చేరిన చోట ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. మారతహళ్లి పీజీల్లో అయితే మరీను. కాండిల్ అంటే ఏమిటో, సపోర్ట్ ఎలా గీయాలో, స్టాప్ లాస్ ఎక్కడ పెట్టాలో వీళ్లకు తెలుసు కాబట్టి అక్కడినుంచి మొదలుపెట్టను.

అందరూ వదిలేసే చెక్

కొనకముందు రాసుకున్న ప్లాన్ చూపించమంటే పది మందిలో తొమ్మిది మంది ఫోన్‌లో చార్టు తెరుస్తారు. నేను అడిగేది చార్టు కాదు. "ఈ ధర వస్తే నా అంచనా తప్పు" అని ఆర్డర్ పెట్టకముందే ఎక్కడైనా రాశారా అని అడుగుతున్నాను. దాన్నే ఇన్‌వాలిడేషన్ లెవెల్ అంటాం. అది రాసి లేకపోతే, స్టాప్ కొట్టినప్పుడు అంచనా తప్పిందా, లేక స్టాప్‌ను తప్పుచోట పెట్టారా అన్నది ఎవరూ చెప్పలేరు. మీరూ చెప్పలేరు. రాయలేదంటే ఇక వేరే కారణాలు వెతకడం దండగ.

ఆ లెవెల్ ఎందుకు కావాలంటే, చార్టు చెప్పేది సంభావ్యత మాత్రమే. సిల్క్ బోర్డు మీదుగా వెళ్లాలంటే మ్యాప్ 40 నిమిషాలు చూపించినా మనం గంట చేతిలో పెట్టుకునే బయల్దేరతాం. బ్రేకవుట్ చూడగానే మాత్రం "ఇక 560కి వెళ్తుంది" అనేస్తాం. లెవెల్ దగ్గర ఎంతమంది కొంటారు, ఎవరు పెద్ద మొత్తం అమ్ముతారు అన్నది రేపటి సంగతి. గతంలో ఇలాంటి ఆకారం వచ్చినప్పుడు ఎక్కువసార్లు ఏం జరిగిందన్నది ఒక్కటే చార్టులో దొరుకుతుంది.

మీ పద్ధతి వందలో 45 సార్లే నెగ్గుతుందనుకుందాం. నెగ్గినప్పుడు రెండు రూపాయలు వచ్చి, ఓడినప్పుడు ఒక రూపాయి పోతే, 90లోంచి 55 తీసేయగా 35 మిగులుతుంది. అంటే సగానికి పైగా తప్పినా లాభమే. అయితే అదే పద్ధతిలో వరసగా ఐదు ఓడే అవకాశం సుమారు 5 శాతం, కాబట్టి వంద ట్రేడ్లలో ఎక్కడో ఒకచోట ఐదు దెబ్బలు వరసగా తగులుతాయనే అనుకోవాలి. అప్పుడు టెన్షన్ పడి పద్ధతి మార్చేస్తే 45 శాతం లెక్క మీది కాకుండా పోతుంది.

అసలు దొంగ: క్వాంటిటీ నుంచి పుట్టిన స్టాప్

స్టాప్ పెట్టినవాళ్లకూ, క్రమశిక్షణ ఉన్నవాళ్లకూ తగిలేది ఇదే. పైకి తప్పు కనిపించదు.

మా ఆఫీసులో ఒక కుర్రాడి కేసు చెబుతాను. లెక్క సులువుగా ఉండాలని అంకెలు కాస్త సర్దాను. ఒక షేరు నెల రోజులు 480, 500 మధ్య తిరిగింది. కింద 481, 479, 480 దగ్గర మూడుసార్లు పడి లేచింది. ఒకరోజు 500 దాటి ముగిసింది. మర్నాడు మనవాడు 504 దగ్గర కొన్నాడు. చేతిలో రెండు లక్షలు, ఒక ట్రేడ్‌లో రెండు వేలకు మించి పోకూడదన్నది నియమం. నియమం మంచిదే. కానీ డబ్బంతా పెట్టి 396 షేర్లు కొన్నాక, రెండు వేలను 396తో భాగించాడు. ఐదు రూపాయలు వచ్చింది. స్టాప్ 499.

ఆ 499కీ చార్టుకూ ఏ సంబంధమూ లేదు. అది అతని జేబు లెక్క. ఆ షేరు మామూలు రోజుల్లోనే పైకీ కిందికీ కలిపి 12 రూపాయలు తిరుగుతుంది. పైగా బ్రేకవుట్ తర్వాత ధర పాత గడప దాకా వెనక్కి రావడం మామూలే. మధ్యాహ్నానికి 497 తాకింది, రెండు వేలు పోయాయి. వారం తిరిగేసరికి 530. ఎవరూ అతని ఆర్డర్ చూడలేదు. రోజూ వచ్చే ఊగిసలాటలోనే స్టాప్ పెట్టుకున్నాడు.

కనిపెట్టడం తేలిక. మీ ఎంట్రీకీ స్టాప్‌కూ మధ్య దూరాన్ని, గత రెండు వారాల్లో ఆ షేరు రోజుకు సగటున తిరిగిన దూరంతో పోల్చండి. స్టాప్ దూరం అందులో సగం కూడా లేకపోతే దొంగ దొరికినట్టే.

సరిచేసే వరస

వరస తిప్పాలి, అంతే: ముందు చార్టు, తర్వాత దూరం, చివర క్వాంటిటీ. కొనాలనుకోవడానికి కారణం "480 దగ్గర కొనేవాళ్లు గట్టిగా ఉన్నారు, 500 దగ్గర అమ్మేవాళ్లు అయిపోయారు" అన్నది. మరి ఏం జరిగితే ఆ మాట అబద్ధమవుతుంది? 499 వస్తే కాదు. మూడుసార్లు నిలబడ్డ చోటే కూలితే అవుతుంది. అన్నిటికన్నా కింది ధర 479. దానికి మూడు రూపాయలు, అంటే రోజువారీ తిరుగుడులో పావు వంతు, సందు ఇస్తే 476. రేంజ్ మధ్యలో 490 దగ్గరే తప్పయిందనేవాళ్లూ ఉంటారు. బ్రేకవుట్ ఒక్కదాన్నే నమ్మి కొంటే అదీ సరైనదే. రాసిన కారణానికి లెవెల్ అతికిందా లేదా అన్నదే చూడాలి.

ఇప్పుడు దూరం 28 రూపాయలు. రెండు వేలను 28తో భాగిస్తే 71 షేర్లు. కాగితం మీద ఇలా ఉంటుంది:

> కారణం: 480 మీద నెల రోజుల కొనుగోళ్లు, 500 పైన ముగింపు.
> ఎంట్రీ: 504. 510 దాటితే వదిలేస్తా.
> ఇన్‌వాలిడేషన్: 476 తాకితే బయటికి. కిందికి జరపను.
> క్వాంటిటీ: 71. పోతే 1,988.
> టార్గెట్: 560, పాత గరిష్ఠం 562కు కాస్త ముందు.
> గడువు: పది ట్రేడింగ్ రోజుల్లో కదలకపోతే అమ్మేస్తా.

టార్గెట్ దాకా 56 రూపాయలు, అంటే రిస్క్‌కు రెట్టింపు. అదే పైన 530 దగ్గరే గట్టి అడ్డంకి ఉండి ఉంటే లాభం 26, నష్టం 28. ఆ ట్రేడ్ రాస్తుండగానే చచ్చిపోతుంది, చావనివ్వండి. 476ను పైకి లాగి లెక్క అందంగా చేసుకున్నారంటే మళ్లీ మొదటికే వచ్చారు.

71 షేర్లకు పట్టేది 36 వేల లోపే. మిగతా డబ్బు ఖాళీగా కూర్చోవడం చూసి మనవాడికి ప్రాణం ఒప్పలేదు. ఈ పద్ధతిలో నిజంగా కష్టమైన భాగం ఇదే. ఒక మాట, ఈ ప్లాన్‌తో కూడా 476 తగిలి రెండు వేలు పోవచ్చు. కానీ ఆ నష్టం అంచనా తప్పినందుకు పోయింది కాబట్టి నోట్‌బుక్‌లో 55లో ఒకటిగా లెక్కకు వస్తుంది. 499 దగ్గర పోయింది ఏ లెక్కకూ రాదు.

"తాకితే" అని రాయాలా, "కింద ముగిస్తే" అని రాయాలా? మూడుంపావుకి స్టాండప్‌లోనో క్లయింట్ కాల్‌లోనో ఉండేవాళ్లు ముగింపు చూసి అమ్మలేరు. తాకితే అని రాసి, ఆ ధర రాగానే దానంతటదే వెళ్లేలా ముందే జీటీటీ ఆర్డర్ పెట్టుకోండి. అందులో ట్రిగ్గర్ 476 అయితే లిమిట్ కూడా 476 అనే పెట్టేస్తుంటారు. ధర వేగంగా 473కి జారితే 476కి కొనేవాడు ఉండడు, షేరు మీ దగ్గరే మిగిలిపోతుంది. లిమిట్ నాలుగైదు రూపాయలు కిందికి పెట్టండి.

అరుదైనవి

రాత్రి చెడు వార్త వచ్చి పొద్దున 9:15కి 460 దగ్గర తెరుచుకుంటే 476 స్టాప్ ఏమీ కాపాడదు. ఫలితాల ముందు రోజు కొనకపోతే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. లోయర్ సర్క్యూట్‌లో ఇరుక్కుంటే కొనేవాడు వచ్చేదాకా ఆగాల్సిందే. బోనస్ లేదా స్ప్లిట్ తర్వాత రేటు సగమైతే కంగారు పడకండి, కాగితం మీది లెవెల్స్‌నూ అదే నిష్పత్తిలో మార్చి ఆర్డర్ కొత్తగా పెట్టుకోండి.