మీటర్ ఎర్రబడలేదు, అయినా గొంతు పగిలింది: రికార్డింగ్ లెవెల్స్ సమస్య - పరిష్కారం

సమస్య 1: పీక్ మీటర్ మైనస్ 8 దాటలేదు, కానీ గట్టిగా మాట్లాడిన చోటల్లా గొంతు బరబరమంటోంది

డిజిటల్‌లో పైకప్పు 0 డీబీ, దానిపైకి వెళ్లే దారే లేదు, అందుకే మీటర్ మీద అంకెలన్నీ మైనస్‌లోనే ఉంటాయి. మైనస్ 8 అంటే ఇంకా 8 డీబీ ఖాళీ ఉందనిపిస్తుంది కదా, కానీ ట్రాక్ మీద కనిపించే మీటర్ చాలా సాఫ్ట్‌వేర్లలో ఫేడర్ తర్వాత కొలుస్తుంది. ఇంటర్‌ఫేస్‌లోకి వచ్చేటప్పుడే శబ్దం 0ని గుద్దుకుని పగిలిపోయి ఉంటే, మీ ఫేడర్ 8 కిందకి ఉంది కాబట్టి ఆ పగిలిన శబ్దాన్నే మైనస్ 8 దగ్గర చూపిస్తోంది అంతే.

కన్ఫర్మ్ చేసుకోవాలంటే ఆ చోట వేవ్‌ఫామ్‌ని బాగా జూమ్ చేయండి, అలల తలలు గుండ్రంగా కాకుండా కత్తితో కోసినట్టు బల్లపరుపుగా, అన్నీ ఒకే ఎత్తులో ఉంటే క్లిప్ అయినట్టే. ఫేడర్ తగ్గిస్తే ఇది పోదు, తగ్గించాల్సింది ఇంటర్‌ఫేస్ మీదున్న గెయిన్ నాబ్. స్క్రిప్ట్‌లో అన్నిటికంటే గట్టిగా చెప్పే లైన్‌ని నిజంగా అంతే గట్టిగా చెప్తూ పీక్ మైనస్ 10 దగ్గర ఆగేలా పెట్టుకోండి. టెస్ట్‌లో మెల్లగా మాట్లాడి అసలు టేక్‌లో గొంతు పెంచడం వల్లే సగం టేకులు పాడవుతాయి. 24 బిట్‌లో రికార్డ్ చేస్తే ఈ 10 డీబీ ఖాళీ వల్ల క్వాలిటీకి ఏ నష్టం లేదు, భయపడక్కర్లేదు.

సమస్య 2: పగలడం లేదు కానీ చిన్నగా వినిపిస్తోంది, నార్మలైజ్ చేసినా అంతే

ఒక కేస్ తీసుకుందాం, పది నిమిషాల నెరేషన్, పీక్ మైనస్ 10, అదీ మధ్యలో వచ్చిన ఒకే ఒక్క నవ్వు, మిగతా మాటలన్నీ మైనస్ 16 లోపే. పీక్ మీటర్ ఆ ఒక్క క్షణాన్నే పట్టుకుంటుంది, చెవికి మొత్తం ఎంత గట్టిగా ఉందో దానికి తెలీదు. ఆ పని లఫ్స్ అనే కొలతది, చెవికి వినిపించే తీరుకి దగ్గరగా ఫిల్టర్ చేసి, మాట్లాడని ఖాళీలని వదిలేసి, మొత్తం సగటు చెప్తుంది. ఇలా చూడొచ్చు:

```
ffmpeg -i voice.wav -af ebur128=peak=true -f null -
```

చివర్లో వచ్చే `I:` అంకె మన కేస్‌లో మైనస్ 27. యూరప్ టీవీ ప్రసారాలకి పెట్టుకున్న లెక్క మైనస్ 23, పాడ్‌కాస్ట్‌లకి ఎక్కువమంది వాడేది మైనస్ 16. పీక్‌ని మైనస్ 1కి నార్మలైజ్ చేస్తే పెరిగేది 9 మాత్రమే, మైనస్ 18 దగ్గర ఆగిపోతాం, ఆ నవ్వే అడ్డం. కావాల్సింది 11, అప్పుడు నవ్వు ప్లస్ 1కి వెళ్తుంది, కాబట్టి సీలింగ్ మైనస్ 1 పెట్టి లిమిటర్ వేయండి, అది నవ్వులో ఒక్క 2 డీబీ నొక్కుతుంది, మాటలు మైనస్ 5 దగ్గరే ఉంటాయి కాబట్టి వాటిని ముట్టుకోదు. (మోనో ఫైల్‌ని కొలిస్తే అంకె 3 తక్కువ చూపిస్తుంది, స్టీరియోగా ఎక్స్‌పోర్ట్ చేశాకే కొలవండి.)

సమస్య 3: 11 పెంచాక వెనక హిస్ లేచింది

ఏమీ మాట్లాడకుండా పది సెకన్లు రికార్డ్ చేసి చూడండి. మన కేస్‌లో ఆ నిశ్శబ్దం మైనస్ 60 దగ్గరుంది అనుకోండి, 11 పెంచితే మైనస్ 49, హెడ్‌ఫోన్స్‌లో స్పష్టంగా వినబడుతుంది. చాలామంది ఇక్కడ గెయిన్ తక్కువైందేమో అని రికార్డింగ్‌లోనే పెంచేస్తారు, కానీ గదిలో ఫ్యాన్ శబ్దం మీ గొంతుతో పాటే పెరుగుతుంది, రెండిటి మధ్య తేడా ఒక్క డీబీ కూడా మారదు.

ఆ తేడాని మార్చేది దూరం. నోటి నుంచి మైక్ 30 సెంటీమీటర్లు ఉంటే 15కి తెచ్చుకోండి, దూరం సగమైతే గొంతు సుమారు 6 డీబీ పెరుగుతుంది, గది శబ్దం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఇప్పుడు గెయిన్ 6 తగ్గిస్తే పీక్ మళ్లీ మైనస్ 10కే వస్తుంది, నిశ్శబ్దం మైనస్ 66కి దిగుతుంది, ఫైనల్‌లో మైనస్ 55. ఫ్యాన్ ఆపితే ఇంకా దిగుతుంది. దగ్గరికి వస్తే బేస్ ఎక్కువవుతుంది, ప, బ అక్షరాలకి గాలి దెబ్బ తగులుతుంది, అందుకే మైక్‌ని నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి తిప్పి, 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ వేసుకోండి.

మళ్లీ కొలిచి చూస్తే లఫ్స్ మైనస్ 16 దగ్గర, పీక్ మైనస్ 1 లోపల ఉండాలి. లిమిటర్ నవ్వుల మీదే కాకుండా మామూలు మాటల మీద కూడా 5, 6 డీబీ నొక్కుతుంటే మాత్రం ఆపండి, ముందు కంప్రెసర్‌తో ఎత్తుపల్లాలు తగ్గించి, ఆ తర్వాత లిమిటర్‌కి పంపండి.